పదకొండు స్ప్రింట్లా, పదహారా?

ప్రశ్న: తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో స్క్రమ్ మాస్టర్‌గా పనిచేస్తున్నాను. చిత్తూరు దగ్గరి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాయల కొనుగోలు సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. మావి రెండు వారాల స్ప్రింట్లు. ప్రతి పని ఎంత పెద్దదో పాయింట్లలో అంచనా వేస్తాం. గడిచిన ఎనిమిదింటిలో పూర్తయిన పాయింట్లు వరుసగా 21, 26, 18, 24, 12, 27, 22, 26. అదే కాలంలో బ్యాక్‌లాగ్‌లోకి, అంటే చేయవలసిన పనుల జాబితాలోకి, కొత్తగా వచ్చి చేరినవి 0, 8, 3, 13, 5, 0, 8, 3. ఆ 12 వచ్చిన స్ప్రింట్ దసరా, బ్రహ్మోత్సవాల రోజుల్లో పడింది. ఈ నవంబరు చివరికి 240 పాయింట్ల పని మిగిలింది. మా మేనేజర్ గారు దాన్ని సగటు వెలాసిటీతో, అంటే స్ప్రింటుకు సగటున పూర్తయ్యే 22 పాయింట్లతో భాగించి, 11 స్ప్రింట్లని ఫ్యాక్టరీ వారికి చెప్పమంటున్నారు. వారికి మే నెలాఖరు లోపల కావాలి. అప్పటికి మాకు 13 స్ప్రింట్లు దొరుకుతాయి. 11 అని ధైర్యంగా చెప్పవచ్చా? — ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: చెప్పవద్దు. మీ మేనేజర్ గారి భాగహారంలో తప్పేమీ లేదు. 240ని 22తో భాగిస్తే 10.9 వస్తుంది, దాన్ని పై అంకెకు సవరిస్తే 11 అవుతుంది. అయితే ఈ లెక్క నిజం కావాలంటే నేటి నుంచి ఏప్రిల్ దాకా ఫ్యాక్టరీ వారు ఒక్క కొత్త కోరిక కూడా కోరకూడదు, మీ బృందం కూడా సగటుకు తగ్గకుండా పనిచేయాలి. మీరు పంపిన రెండు వరుసలే ఈ రెండూ జరిగే పనులు కావని చెబుతున్నాయి.

ముందుగా మీ రెండో వరుసను చూద్దాం. చాలా బృందాలు దాన్ని రాసిపెట్టుకోనే పెట్టుకోవు, మీరు రాసిపెట్టుకున్నారు కాబట్టి పని సులువైంది. ఎనిమిది స్ప్రింట్లలో 40 పాయింట్లు కొత్తగా చేరాయంటే, స్ప్రింటుకు సగటున 5 అన్నమాట. మీరు 22 పాయింట్ల పని ముగిస్తున్నా బ్యాక్‌లాగ్ తగ్గుతున్నది 17 పాయింట్లు మాత్రమే. 240ని 17తో భాగిస్తే 14.1 వస్తుంది, అంటే పని పదిహేనో స్ప్రింటులోకి వెళుతుంది. డిసెంబరు నుంచి లెక్కిస్తే అది జూన్ మూడో వారం. అప్పటికి తోతాపురి కాయల లారీలు ఫ్యాక్టరీ గేటు ముందు బారులు తీరి ఉంటాయి. వెలాసిటీ ఒక్క పాయింటు కూడా తగ్గకుండానే మీ గడువు దాటిపోయిందని గమనించండి.

ఈ కొత్త పాయింట్ల వరుసలో ఏమేం చేర్చాలో ఒకసారి సరిచూసుకోవడం మంచిది. కొత్తగా రాసిన స్టోరీలు, అంటే జాబితాలో ఒక్కొక్క కోరికగా రాసుకునే పనులు, ఎలాగూ చేరతాయి. వాటితోపాటు, పాత స్టోరీని మళ్ళీ అంచనా వేసినప్పుడు 5 కాస్తా 8 అయితే పెరిగిన 3 పాయింట్లు కూడా అక్కడే పడాలి. దూరంలో ఉన్న పెద్ద స్టోరీని ముక్కలు చేసినప్పుడు ఆ ముక్కల మొత్తం అసలు అంకెను మించితే, ఆ తేడా కూడా అక్కడికే వస్తుంది. తీసేసిన స్టోరీల పాయింట్లను మాత్రం ఇందులోంచి తగ్గించాలి. మీ 240లో చివరన ఉన్న స్టోరీలను ఇంకా ఎవరూ వివరంగా చర్చించి ఉండరు కనుక, దగ్గరికి వచ్చే కొద్దీ అవి పెరుగుతాయి. ఆ పెరుగుదలను పట్టి చూపగలిగేది ఈ వరుస ఒక్కటే. బగ్గులకు మీరు పాయింట్లు ఇవ్వకపోతే, వాటికి పట్టే సమయం ఇప్పటికే వెలాసిటీని తగ్గించి ఉంటుంది కాబట్టి వాటిని ఇక్కడ రెండోసారి లెక్కించకూడదు.

పూర్తయిన పాయింట్ల వరుస కూడా నికరంగా ఉందో లేదో చూసుకోండి. ఉదాహరణకు, వేబ్రిడ్జి నుంచి లారీ బరువును నేరుగా తెరపైకి తెచ్చే 8 పాయింట్ల స్టోరీ ఒకటి మీ దగ్గర ఉందనుకుందాం. నిండు లారీ బరువు వచ్చింది, ఖాళీ లారీ బరువు ఇంకా రావడం లేదు, స్ప్రింట్ ముగిసిపోయింది. ఇలాంటప్పుడు ఆ స్టోరీకి ఆ స్ప్రింటులో సున్నా వేయాలి. పూర్తయిన స్ప్రింటులో మొత్తం 8 పాయింట్లూ వేయాలి. ‘ముప్పాతిక అయింది కదా’ అని 6 వేసుకుంటే మిగిలిన పాతిక భాగంలోనే కష్టమంతా దాగి ఉంటుంది, వెలాసిటీ ఉన్నదానికంటే నునుపుగా కనిపిస్తుంది. ఒక స్ప్రింటులో తగ్గి మరోదానిలో పెరిగే ఆ ఎగుడుదిగుడే ముందున్న కాలం ఎంత అనిశ్చితంగా ఉంటుందో చెప్పే సమాచారం, దాన్ని చదును చేయకూడదు.

అదే కారణంగా ఆ 12ను కూడా కొట్టివేయవద్దు. ‘అది పండుగ స్ప్రింటు, మామూలుది కాదు’ అని దాన్ని తీసేసి సగటు కడితే 23.4 వస్తుంది, చూడటానికి బాగుంటుంది. కానీ మీ ముందున్న 13 స్ప్రింట్లలో ఒకటి సంక్రాంతి మీద పడుతుంది, మరొకటి మే నెలలో గంగమ్మ జాతర వారం మీద పడుతుంది. తిరుపతిలో ఆ వారం ఆఫీసులో ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పనక్కరలేదు. గడిచిన ఎనిమిదింటిలో ఒక నీరస స్ప్రింటు, రాబోయే పదమూడింటిలో రెండు: నిష్పత్తి దాదాపు ఒకటే కాబట్టి, 12ను ఉన్నచోటే ఉంచితే పండుగల లెక్క దానంతటదే సరిపోతుంది.

ఇక రెండో విషయానికి, అంటే సగటుకు ఇటూ అటూ జరిగే ఊగిసలాటకు వద్దాం. ప్రతి స్ప్రింటుకూ పూర్తయినదానిలోంచి కొత్తగా చేరినదాన్ని తీసేస్తే మీకు 21, 18, 15, 11, 7, 27, 14, 23 వస్తాయి. బ్యాక్‌లాగ్ నిజంగా తగ్గిన వేగం ఇదే. దీని సగటు 17 అయినా, 7 నుంచి 27 దాకా ఎంత విస్తారంగా పరుచుకుందో చూడండి. సగటుతో భాగించి వచ్చిన అంకె, ఇంచుమించు బొమ్మా బొరుసుల్లో ఒకటి పడే అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. అంత మాత్రం నమ్మకంతో ఫ్యాక్టరీ వారి చేత సీజన్ ఏర్పాట్లు చేయించలేం.

ఎంత నమ్మకంతో ఎన్ని స్ప్రింట్లు చెప్పవచ్చో తెలుసుకోవడానికి మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. ఈ ఎనిమిది అంకెలను A1 నుంచి A8 దాకా రాయండి. C1 నుంచి O1 వరకు ఉన్న 13 గడుల్లో కింది మొదటి సూత్రాన్ని పెట్టండి. అది ప్రతి గడిలోనూ ఆ ఎనిమిదింటిలో ఒక అంకెను యాదృచ్ఛికంగా ఎత్తి తెస్తుంది, అంటే ఒక వరుస మీ రాబోయే 13 స్ప్రింట్లకు ఒక ఊహాచిత్రం అవుతుంది. P1లో రెండో సూత్రంతో వాటిని కూడి, ఆ వరుస మొత్తాన్ని ఐదువందల వరుసల దాకా కిందికి లాగండి. ఆ తర్వాత ఏదైనా ఖాళీ గడిలో మూడో సూత్రం రాస్తే, 13 స్ప్రింట్లలో 240 పాయింట్లూ ముగిసే అవకాశం ఎంతో తెలుస్తుంది.

```
=INDEX($A$1:$A$8,RANDBETWEEN(1,8))
=SUM(C1:O1)
=COUNTIF(P1:P500,">=240")/500
```

ప్రతిసారీ అంకె కొద్దిగా మారుతూ ఉంటుంది, దానికి కంగారు పడవద్దు. మీ వివరాలతో 13 స్ప్రింట్లకు ఫలితం ఇరవై శాతం దగ్గర తేలుతుంది, అంటే ఐదింట ఒక అవకాశం. గడుల సంఖ్య 14 చేస్తే సగానికి కాస్త తక్కువ వస్తుంది, 15 చేస్తే నాలుగింట మూడు, 16 చేస్తే తొంభై శాతం దగ్గర నిలుస్తుంది. ఇప్పుడు నడుస్తున్న తీరులోనే పని సాగి, మొత్తం 240 పాయింట్లూ కావాలని వారు పట్టుబడితే, మీరు నిలబడి చెప్పగల అంకె 16. మేనేజర్ గారి పదకొండుకూ ఈ పదహారుకూ మధ్య పది వారాల తేడా ఉంది.

ఈ పద్ధతికి కూడా హద్దులున్నాయి. జరిగిన ఎనిమిది అంకెలే మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి 7 కంటే తక్కువ స్ప్రింటు ఇందులో ఎన్నటికీ రాదు. నిజ జీవితంలో ఒకరికి జబ్బు చేసి మరొకరు ఉద్యోగం మానేస్తే రావచ్చు. ఎనిమిది నమూనాలంటే చిన్న సంఖ్యే. పైగా ఆరు నెలల తర్వాతి బృందం ఇప్పటి బృందంలాగే ఉంటుందని ఇది అనుకుంటుంది. కాబట్టి తొంభై శాతాన్ని హామీగా తీసుకోవద్దు. పదకొండు కంటే పదహారు ఎంత మేలో కొలిచి చూపే సాధనంగా తీసుకోండి.

ఇప్పుడు ఇదే లెక్కను కొత్త పాయింట్లు లేకుండా, మీ అసలు వెలాసిటీ వరుసతోనే చేసి చూడండి. మీ ప్రశ్నకు అసలు జవాబు నాకు అక్కడే కనబడింది. A1 నుంచి A8లో 21, 26, 18, 24, 12, 27, 22, 26 పెడితే, 11 స్ప్రింట్లలో ముగిసే అవకాశం సగానికి కాస్త ఎక్కువ వస్తుంది. 12 స్ప్రింట్లకు తొంభై దాటుతుంది. 13 స్ప్రింట్లకు దాదాపు ప్రతి వరుసా 240ని దాటిపోతుంది. అంటే మే నెలాఖరు గడువుకు అడ్డు మీ బృందం వేగం కాదు. మధ్యలో వచ్చి చేరుతున్న ఆ స్ప్రింటుకు 5 పాయింట్లే అడ్డు, వాటి తాళంచెవి చాలావరకు ఫ్యాక్టరీ వారి చేతిలోనే ఉంది. ఈ మాట వారికి ఎవరూ చెప్పకపోతే, గడువు తప్పినప్పుడు ‘మీ పిల్లలు నిదానంగా చేశారు’ అని వారు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

వారితో కూర్చున్నప్పుడు బర్న్‌డౌన్ చార్టు చూపవద్దు. అందులో ఉండేది మిగిలిన పనిని చూపే ఒకే గీత. అది నెమ్మదిగా దిగుతుంటే మీరు తక్కువ చేశారా, వారు ఎక్కువ చేర్చారా అన్నది దానిలో తేలదు. దానికి బదులు బర్న్‌అప్ చార్టు గీయండి. కింది గీత ఇప్పటిదాకా పూర్తయిన పాయింట్ల మొత్తం. మీ విషయంలో అది 176 దాకా ఎక్కింది. పై గీత చేయవలసిన మొత్తం పని. మొదట 376 దగ్గర బయలుదేరి ఇప్పుడు 416 దగ్గర ఉంది. రెండు గీతలూ కలిసేచోట పని ముగుస్తుంది. పై గీత సమంగా సాగితే ఎక్కడ కలుస్తాయో, ఇప్పటిలాగే పైకి వాలితే ఎక్కడ కలుస్తాయో రెండు చుక్కల గీతలతో చూపిస్తే, కొనుగోలు విభాగం చూసే పెద్దాయనకు కూడా స్టోరీ పాయింటంటే ఏమిటో వివరించకుండానే సంగతి బోధపడుతుంది.

అప్పుడు వారి ముందు రెండు దారులు పెట్టండి. మొదటిది మార్పిడి పద్ధతి: ఇకపై కొత్త కోరిక ఏది వచ్చినా, అంతే పాయింట్ల పాత కోరిక ఒకటి జాబితాలోంచి బయటికి పోవాలి. దీనికి వారు నిజంగా కట్టుబడితే 13 స్ప్రింట్లలో 240 పాయింట్ల పని అందుతుంది, పైగా ఒక స్ప్రింటు ఊపిరి పీల్చుకునే వెసులుబాటు కూడా మిగలవచ్చు. అయితే ‘కట్టుబడితే’ అన్న మాట చిన్నది కాదు. కొనుగోలు ధర గురించి ప్రభుత్వం నుంచో సంఘం నుంచో ఒక నిర్ణయం వస్తే బిల్లు లెక్క మారక తప్పదు. ఆ మార్పును ఎవరూ ఆపలేరు, మరో స్టోరీని పక్కన పెట్టి దానికి చోటు ఇవ్వడం ఒక్కటే చేయగలం. స్టోరీలను మళ్ళీ అంచనా వేసినప్పుడు పెరిగే పాయింట్లకు కూడా ఇదే నియమం వర్తించాలి, లేకపోతే వెనుక తలుపు తెరిచినట్టే.

రెండో దారి, కోరికలు ఇప్పటిలాగే వస్తూ ఉండనిచ్చి, తేదీని మాత్రం గట్టిగా పట్టుకోవడం. అప్పుడు ‘240కి ఎన్ని స్ప్రింట్లు’ అని అడగకుండా ‘13 స్ప్రింట్లలో ఎన్ని పాయింట్లు’ అని అడగాలి. కొత్తగా వచ్చిన కోరికలు సాధారణంగా జాబితా పైభాగంలోనే కూర్చుంటాయి కాబట్టి, ఇప్పుడున్న 240లో ఎంత వరకు చేరుకుంటామన్నది తగ్గుదల అంకెలతోనే లెక్కించాలి. మొదట కట్టిన ఆ స్ప్రెడ్‌షీట్‌లోనే ఈ సూత్రం రాయండి.

```
=PERCENTILE(P1:P500,0.15)
```

అది దాదాపు 198 దగ్గర అంకె ఇస్తుంది. నూటికి ఎనభై అయిదు వరుసల్లో కనీసం అంత పని పూర్తయిందని దాని అర్థం. ప్రాధాన్య క్రమంలో పేర్చిన బ్యాక్‌లాగ్‌లో పైనుంచి పాయింట్లు కూడుకుంటూ వచ్చి, 195 దాటకుండా ఒక గీత గీయండి. దానికి పైనున్నవి మే నెలాఖరుకు వస్తాయని చెప్పవచ్చు. అక్కడి నుంచి 220 దాకా ఉన్నవి రావచ్చు, రాకపోవచ్చు. దాని కిందివి సీజన్ తర్వాతేనని అనుకొమ్మనండి.

ఈ గీత గీసిన తర్వాత, బ్యాక్‌లాగ్ ప్రాధాన్య క్రమాన్ని నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్‌కు అసలు పని మొదలవుతుంది. గేటు దగ్గర లారీకి టోకెన్, నిండు బరువు, ఖాళీ బరువు, కాయ నాణ్యతను బట్టి తరుగు, రైతు బిల్లు, బ్యాంకు చెల్లింపు: ఈ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా సీజన్ మొదటి రోజునే గేటు దగ్గర గొడవ అవుతుంది. ఇవన్నీ గీతకు పైన ఉన్నాయో లేవో ఒక్కొక్కటిగా చూడాలి. మండలాలవారీ కొనుగోలు నివేదికలు, గత సంవత్సరాలతో పోలికలు, యాజమాన్యానికి చూపే రంగురంగుల డాష్‌బోర్డు కిందికి పోయినా జులై దాకా ఎవరికీ లోటు తెలియదు. నా ఉద్దేశంలో మీకు ఈ రెండో దారే మేలు. మార్పిడి పద్ధతికి సమావేశంలో అందరూ తలాడిస్తారు కానీ, ఫిబ్రవరిలో ఫోన్ చేసి ‘ఇదొక్కటి చేయండి సార్’ అన్నప్పుడు కాదనడం మన ఊళ్ళలో అంత తేలిక కాదు. గీత పద్ధతిలో ఆ ‘ఇదొక్కటి’ లోపలికి వస్తే కింద ఏది జారిపోతుందో వారికే కళ్ళకు కనిపిస్తుంది.

వారికి రాసే లేఖలో మీ అంకెలను అంచనా అనే పిలవండి, హామీ అనవద్దు. స్క్రమ్ గైడ్ కూడా 2011లో స్ప్రింటు పని విషయంలో హామీ అన్న అర్థం వచ్చే మాటను తీసేసి అంచనా అన్న మాటనే పెట్టింది. ‘ప్రతి స్ప్రింటు చివరా ఈ గీతను మళ్ళీ గీసి మీకు పంపుతాం’ అన్న వాక్యం కూడా చేర్చండి. ప్రతిసారీ పట్టికలో ఒక కొత్త అంకె చేరుతుంది. సంక్రాంతి స్ప్రింటు ముగిశాక చేసిన లెక్కను మాత్రం ప్రత్యేకంగా చూసుకోండి. అప్పటికి నాలుగు స్ప్రింట్లు గడిచి ఉంటాయి, జాబితాను కుదించడానికి ఇంకా చాలినంత సమయం ఉంటుంది. ఏప్రిల్‌లో తెలిసిన అదే నిజంతో ఎవరూ ఏమీ చేయలేరు.

చివరగా మీ మేనేజర్ గారి సంగతి. పదహారు అన్న మాట వినగానే ‘వెలాసిటీని 27కు పెంచండి, ఒకసారి చేశారు కదా’ అని ఆయన అనవచ్చు. అలా లక్ష్యం పెట్టిన చోట వెలాసిటీ పెరగడం ఖాయం. నిన్నటి 3 పాయింట్ల స్టోరీ నేడు 5 అవుతుంది, ఎవరూ అబద్ధమాడకుండానే ఇది జరిగిపోతుంది. 240 మాత్రం పాత కొలతలోనే ఉంటుంది కాబట్టి, కొత్త వేగంతో పాత దూరాన్ని భాగించి, లేని వేగాన్ని ఉందనుకుంటారు. దీన్ని పట్టుకోవడానికి రెండు పనులు చేయండి. ఇప్పటికే పూర్తయిన స్టోరీల్లో 2, 5, 8 పాయింట్లవి ఒక్కొక్కటి ఎంచి, అంచనా వేసే ప్రతిసారీ కొత్త స్టోరీని వాటి పక్కన పెట్టి పోల్చండి. అలాగే పాయింట్లతోపాటు స్ప్రింటుకు పూర్తయిన స్టోరీల సంఖ్యను కూడా రాసిపెట్టండి. పాయింట్లు 22 నుంచి 27కు పోయి, స్టోరీల సంఖ్య మాత్రం ఉన్నచోటే ఉంటే, పని పెరగలేదు, కొలత సాగింది. ఆ స్ప్రింట్ల అంకెలను A వరుసలో చేర్చకుండా, మిగిలిన బ్యాక్‌లాగ్ మొత్తాన్ని కొత్త కొలతతో మళ్ళీ అంచనా వేసిన తర్వాతే లెక్క కొనసాగించండి.